పేదింటి ప్రతిభావంతురాలికి స్కాలర్‌షిప్ సిఫారసు నివేదిక ఎలా రాయాలి: హాజరు పట్టికతో మొదలుపెట్టండి

పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారం నుంచి ఉన్నత పాఠశాలల్లో ఉపాధ్యాయుల చేతికి ఒకే రకమైన కాగితం వస్తుంటుంది. ఏదో ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ దరఖాస్తు, దాని చివరి పేజీలో 'ఉపాధ్యాయుని సిఫారసు' అని ఒక ఖాళీ పెట్టె. పిల్లో పిల్లాడో బల్ల పక్కన నిలబడి ఉంటారు. చాలామందిమి ఆ నిలబడిన పిల్లను చూస్తూనే పది నిమిషాల్లో రాసి ఇచ్చేస్తాం: 'ఈ విద్యార్థిని చాలా చురుకైనది, క్రమశిక్షణ గలది, నిరుపేద కుటుంబానికి చెందినది, సహాయం చేయగలరని ప్రార్థన.'

నేను నల్లగొండ జిల్లాలో గణితం చెప్పాను. ఇలాంటివి ఎన్నో రాశాను. తరువాత కొన్నేళ్ళు దాతలు పెట్టుకున్న ఒక చిన్న ఎంపిక కమిటీలో కూర్చుని ఇతరులు రాసినవి చదివాను. అక్కడ కూర్చున్నాక నాకు అర్థమైంది ఒక్కటే. చదివేవారికి పిల్లల పేదరికం మీద అనుమానం ఉండదు, దరఖాస్తు చేసిన వారందరూ పేదలే. ప్రతిభ మీద కూడా పెద్దగా అనుమానం ఉండదు, మార్కుల మెమో ఎదురుగానే ఉంటుంది. ఈ పిల్లకు, ఈ డబ్బు, ఏ చోట అడ్డు తొలగిస్తుందన్నదే వారికి తెలియదు. అది చెప్పగలిగింది ఉపాధ్యాయులే. అందుకు కావలసిన సాక్ష్యం చాలాసార్లు బడిలోనే, హాజరు పట్టికలోనే ఉంటుంది.

దేవరకొండ వైపు ఒక తండా నుంచి వచ్చిన అమ్మాయి కోసం రాసిన నివేదికను ముందు పెట్టుకుని, అంచెలంచెలుగా చెబుతాను. అమ్మాయి పేరు, ఊరి పేరు ఇక్కడ రాయను.

మొదటి పని: రిజిస్టర్ తెరవండి

కలం పట్టుకునే ముందు ఆ ఏడాది హాజరు పట్టిక తెచ్చుకోండి. మొత్తం శాతం చూసి మూసేయకండి, నెలల వారీగా చూడండి. ఈ అమ్మాయి జూన్ నుంచి అక్టోబరు దాకా రెండే రోజులు రాలేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో 46 పనిదినాలకు 17 రోజులు రాలేదు. జనవరి నుంచి మళ్ళీ మామూలే.

మన ప్రాంతంలో ఆ రెండు నెలలు గైర్హాజరంటే కారణం ఊహించడం కష్టం కాదు, పత్తి ఏరే కాలం. కానీ ఊహను నివేదికలో రాయకూడదు. ఆ 17 తేదీలను ఒక కాగితం మీద వరుసగా రాసి పెట్టుకోండి. పక్కనే ఆ కాలంలో జరిగిన పరీక్షల మార్కులు వేయండి. ఈ అమ్మాయికి గణితంలో ఎస్ఏ-1లో 80కి 74 వచ్చాయి. డిసెంబరులో జరిగిన ఎఫ్ఏ-3లో 20కి 11. ప్రీఫైనల్‌లో మళ్ళీ 80కి 72. రావడం తగ్గిన చోట మార్కు తగ్గింది, రావడం మొదలుకాగానే మార్కు లేచింది. రెండు వరుసలు పక్కపక్కన పెడితే ఎవరికైనా కనిపిస్తుంది.

చాలామంది ఉపాధ్యాయులు గైర్హాజరును నివేదికలో దాచిపెడతారు, పిల్లకు చెడ్డపేరు వస్తుందని. నేను దాచవద్దంటాను. ఆ పదిహేడు రోజులే ఈ పిల్లకు డబ్బు ఎందుకు కావాలో చెప్పే బలమైన సాక్ష్యం.

రెండవ పని: ఇంటికి వెళ్ళండి, ఆ తేదీలు వెంట తీసుకుని

ఇంటికి వెళ్ళడమంటే కప్పు రేకులా, గోడ మట్టిదా అని రాసుకుని రావడం కాదు. మీ దగ్గర ఉన్న తేదీలకు అటువైపు నుంచి సమాధానం వెతకడం. ముందు ఎందుకు వచ్చారో చెప్పండి, ఏది రాస్తారో, అది ఎవరు చదువుతారో చెప్పండి. వద్దన్నది రాయకండి. పదిహేనేళ్ళ పిల్ల కూలికి వెళ్ళిందన్న మాట కాగితం మీదికి ఎక్కితే ఏమవుతుందోనని తల్లిదండ్రులకు భయం ఉంటుంది, ఆ భయం న్యాయమైనదే. వారు సరేనన్నాకే రాయాలి.

నేను వెళ్ళినప్పుడు తండ్రి ఇంట్లో లేడు, నగరంలో కట్టడం పనిలో ఉన్నాడు. తల్లిని తేదీలు అడిగితే గుర్తులేవంది. 'నోటుబుక్కు చూడండి సార్, అంతా అదే రాసింది' అని గూట్లోంచి రెండు వందల పేజీల పాత పుస్తకం తీసి ఇచ్చింది.

అది పత్తి తూకాల లెక్క. పదకొండు మంది ఆడవాళ్ళ పేర్లు, రోజువారీ కాంటా బరువు, సంచి కింద తీసేసిన బరువు, మిగిలిన నికర బరువు, కిలోకు 12 రూపాయల చొప్పున కూలి. వారం చివర మేస్త్రీ డబ్బు పంచేటప్పుడు గొడవలు రాకుండా ఈ అమ్మాయి రాసి పెట్టింది. తన పేరు కూడా వరుసలో ఉంది. ఆమె పేరు ఎదురుగా 24 తేదీలు ఉన్నాయి. నా కాగితంలోని 17 తేదీలూ అందులో ఉన్నాయి. మిగిలిన ఏడూ ఆదివారాలు. రిజిస్టర్ ఒకచోట పుట్టింది, నోటుబుక్కు మరొకచోట పుట్టింది, ఒకదాన్ని చూసి మరొకటి రాసింది కాదు. అవి రెండూ తేదీ తేదీకి కలిసినప్పుడు దానికి మించిన రుజువు ఇంకేముంటుంది?

ప్రతి ఇంట్లో ఇలాంటి పుస్తకం దొరకదు. కిరాణా ఖాతా పుస్తకం, పాల కేంద్రం చీటీలు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఆసుపత్రి చీటీ, ఏదో ఒకదాని మీద తేదీ ఉంటుంది. మీరు వెతకవలసింది కష్టాన్ని కాదు, తేదీని.

ఆ నోటుబుక్కులో ఇంకొకటి కనిపించింది. నవంబరు 25 వరకు ప్రతి తూకానికీ సంచి బరువని 2 కిలోలు తీసేశారు. 26 నుంచి 1 కిలో తీశారు. ఎందుకని అడిగితే అమ్మాయి సిగ్గుపడుతూ చెప్పింది: ఖాళీ సంచిని అదే కాంటా మీద పెట్టి చూశామని, కిలో కూడా లేదని. ఇది ఒక్కటే ఆమె గురించి నేను రాయగల ఏ విశేషణం కన్నా ఎక్కువ చెబుతుంది.

రెండు పేజీలు ఫోటోస్టాట్ తీయించాను. తీసే ముందు మిగతా పదిమంది పేర్ల మీద కాగితం అతికించాను. వారి కూలి వివరాలు ఎవరో చదవవలసిన పని లేదు.

మూడవ పని: ప్రతిభకు ఒక్క సంఘటన, పూర్తిగా

ఇక్కడే నివేదిక నిలబడుతుంది లేదా పడిపోతుంది. 'గణితంలో అసాధారణ ప్రతిభ' అని రాస్తే చదివేవారు ముందుకు జరిగిపోతారు. ఐదారు విషయాలు తలా ఒక వాక్యం రాసినా అంతే. ఒక్కటే తీసుకోండి, ఆ రోజు తరగతిలో ఏం జరిగిందో చదివేవారు తమ కాగితం మీద తిరిగి చేసి చూసుకునేంత వివరంగా రాయండి.

నేను ఎంచుకున్నది ఇది. వర్గ సమీకరణాల పాఠం మొదట్లో ఒక ప్రశ్న ఇచ్చాను: 100 మీటర్ల కంచెతో దీర్ఘచతురస్రాకారపు దొడ్డి కట్టాలి, ఎక్కువ స్థలం రావాలంటే కొలతలెంత? తరగతిలో చాలామంది 25, 25 అని కనుక్కున్నారు, 625 చదరపు మీటర్లు. మరునాడు ఈ అమ్మాయి వచ్చి, గొర్రెల దొడ్డి ఎప్పుడూ ఇంటి గోడకు ఆనించే కడతారు కదా సార్, అప్పుడు మూడు వైపులే కంచె, అప్పుడెంత అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆమె పట్టిక వేసింది. పక్క కొలత 20 అయితే 1200, 25 అయితే 1250, 30 అయితే మళ్ళీ 1200. మధ్యలో ఇంకా ఎక్కువ వచ్చేది లేదని ఎలా చెప్పగలవని అడిగాను. 24కీ 26కీ 1248, 23కీ 27కీ 1242, 22కీ 28కీ 1232 అని రాసుకొచ్చింది. పక్కన ఇలా రాసింది: తగ్గినవి 2, 8, 18. అంటే 1, 4, 9లకు రెట్టింపు. ఎటు జరిగినా వర్గానికి రెట్టింపే తగ్గుతుంది కాబట్టి 25కు మించినది లేదు.

వర్గాన్ని పూర్తిచేసే పద్ధతిని తరగతిలో నేను చెప్పింది ఆ తరువాత రెండు వారాలకు. నివేదికలో ఈ పట్టికను యథాతథంగా పెట్టాను, కింద ఆ ఒక్క వాక్యం రాశాను. మేధావి అనో, తెలివైనది అనో అనలేదు.

మీ విషయం గణితం కాకపోవచ్చు. తెలుగు పండితులైతే పిల్ల రాసిన ఒక పేరా పెట్టండి, సైన్సు చెబితే పిల్లవాడు ప్రయోగం తప్పినప్పుడు ఏం చేశాడో రాయండి. సరైన సంఘటనను గుర్తించడానికి నేను వాడే కొలత ఒకటుంది: మీరు అడగని పనిని పిల్ల తనంతట తాను ఎప్పుడు చేసింది? అడిగినది బాగా చేయడం మార్కుల మెమోలో ఎలాగూ ఉంటుంది.

నాలుగవ పని: అవసరాన్ని అంకెల్లో పెట్టండి

కమిటీలో తరచూ వినబడే ప్రశ్న: ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ట్యూషన్ ఫీజు లేదు, డబ్బు దేనికి? అమ్మాయి అయితే మరో ప్రశ్న: 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు, ప్రయాణ ఖర్చు ఎలా వచ్చింది? 'ఫీజులకు, బస్సు ఛార్జీలకు ఇబ్బంది పడుతోంది' అని అలవాటుగా రాశారంటే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం సడలుతుంది.

ఈ అమ్మాయి ఎంపీసీలో చేరుతోంది. ఆమెకు అడ్డు ఫీజు కాదు. బస్సు రోడ్డు మీద ఆగుతుంది, తండాకు రాదు, మధ్యలో నాలుగు కిలోమీటర్లు. ఆటోకు వెళ్ళేటప్పుడు పది, వచ్చేటప్పుడు పది. ఏడాదికి 220 రోజులనుకుంటే 4,400 రూపాయలు. ప్రవేశ పరీక్షల పుస్తకాలకు, దరఖాస్తు రుసుములకు 4,200. మూడవది అన్నిటికన్నా పెద్దది, ఎవరూ రాయనిది: పత్తి కాలపు కూలి. నోటుబుక్కు ప్రకారం ఆ 17 రోజుల్లో ఆమె ఏరినది 512 కిలోలు. కిలోకు 12 చొప్పున 6,144 రూపాయలు. బడి మానేస్తే ఇంటికి వచ్చిన డబ్బు అది. ఇంటర్‌లో కూడా నవంబరు వస్తుంది, పత్తి పగులుతుంది, అదే లెక్క మళ్ళీ ఎదురవుతుంది.

మొత్తం 14,744. దీన్ని 15,000 అని గుండ్రం చేయకండి. గుండ్రటి అంకెను చూస్తే అంచనా అనుకుంటారు, ఈ అంకె వెనుక తూకాలున్నాయి. కూలి డబ్బును చదువు ఖర్చులో చూపవచ్చా అని కొందరు సహోపాధ్యాయులు సందేహపడ్డారు. చూపాలనే నా అభిప్రాయం. పిల్లను బడికి దూరం చేస్తున్నది ఏదో దాన్నే చెప్పాలి. నియమం ఒప్పుకోకపోతే కమిటీ కాదంటుంది, కారణం మాత్రం వారికి తెలుస్తుంది.

తల్లి మాటను ఆమె అన్నట్టే రాశాను: 'ఆ డబ్బు వస్తే పత్తికి నేనొక్కదాన్నే పోతాను.' దాన్ని హామీగా మార్చి రాయలేదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ మాట నిలబడకపోవచ్చు, అది ఆమె తప్పు కాదు.

ఇప్పటికే వస్తున్న లేదా రాబోయే సాయం తప్పక రాయండి. ఈ-పాస్ ద్వారా పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనానికి దరఖాస్తు చేస్తుందా? ఎనిమిదిలో జాతీయ ప్రతిభా ఉపకార వేతనం, అదే ఎన్ఎంఎంఎస్, వచ్చి ఉంటే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏడాదికి 12,000 అందుతుంది, దాన్ని దాస్తే తరువాత బయటపడుతుంది. ఈ అమ్మాయి ఆ పరీక్ష రాసింది కానీ ఎంపిక కాలేదు. ఆ సంగతి కూడా సాకు చెప్పకుండా ఒక వాక్యంలో రాశాను.

బలహీనత ఒకటి రాయండి

ఆమెకు ఆంగ్లంలో ప్రీఫైనల్ మార్కులు 80కి 41. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకం ఆంగ్లం. ఇంటర్ మొదటి ఏడాది భౌతికశాస్త్రం చదివేటప్పుడు ఇది కష్టమవుతుందని, వీలైతే ఆంగ్లంలో సాయపడే ఒకరిని చూపమని రాశాను. చదివేవారికి దీనివల్ల రెండు తెలుస్తాయి: మీరు పొగడ్త రాయడం లేదు, డబ్బు కాకుండా ఇంకేం కావాలో మీకు తెలుసు.

ఇప్పుడు రాయండి

పేజీన్నర దాటకూడదు. మొదటి పేరాలో మీరెవరు, ఈ పిల్లను ఎన్నేళ్ళుగా, ఏ హోదాలో ఎరుగుదురు, దేనికోసం సిఫారసు చేస్తున్నారు. తరువాత ప్రతిభ, తరువాత హాజరు, తరువాత అవసరం. పేదరికంతో మొదలుపెట్టకండి. ముందు పిల్ల బుర్ర కనిపించాలి, తరువాత దానికి అడ్డేమిటో కనిపించాలి. హాజరు గురించిన పేరా నేను ఇలా రాశాను:

'నవంబరు, డిసెంబరు నెలల్లో 46 పనిదినాలకు 17 రోజులు ఈమె బడికి రాలేదు. ఆ 17 తేదీల్లోనూ ఈమె తల్లితో కలిసి పత్తి ఏరడానికి వెళ్ళినట్టు ఈమె స్వయంగా రాసిన తూకాల పుస్తకంలో ఉంది. రిజిస్టర్‌తో నేనే పోల్చి చూశాను. పుస్తకంలోని రెండు పేజీల నకలు జతచేశాను. మిగిలిన ఎనిమిది నెలల్లో ఈమె గైర్హాజరు మొత్తం ఐదు రోజులు.'

ఇందులో ఒక్క విశేషణం కూడా లేదు. రాసింది పూర్తయ్యాక ప్రతి విశేషణం కింద గీత గీయండి. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, ఎప్పుడు, ఎక్కడ చూశాను అని మిమ్మల్ని మీరే అడగండి. సమాధానం ఉంటే విశేషణం కొట్టేసి ఆ సమాధానం రాయండి. లేకపోతే ఊరికే కొట్టేయండి. 'రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబం' అన్న మాట ఎన్ని లేఖల్లో చదివానో లెక్కలేదు, అది చదివాక ఏ ఇల్లూ గుర్తుండలేదు.

జిల్లా కష్టాల గురించి కూడా ఒక మాట. నల్లగొండ ఫ్లోరైడ్, పాలమూరు వలస అందరికీ తెలుసు. తొలిరోజుల్లో ఒక అబ్బాయి కోసం రాస్తూ అరపేజీ వలసల మీదే రాశాను. అబ్బాయికి దక్కింది మూడు వాక్యాలు, స్కాలర్‌షిప్ రాలేదు. ఆ లేఖ నకలు చాలా ఏళ్ళ తరువాత తీసి చదివితే అతను దేనిలో దిట్టో నాకే అర్థం కాలేదు. వలస ఈ పిల్లవాడిని ఏ నెలలో బడి మాన్పించిందో చెప్పగలిగితేనే ఆ మాట రాయండి.

జతపరిచే కాగితాలు

వీటిలో తప్పులు చిన్నవే అయినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. మీ సేవ ద్వారా తెచ్చిన తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం మీద తేదీ చూడండి, ట్రస్టు అడిగిన కాలంలోదేనా? పదవ తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మూడింట్లో పేరు అక్షరం అక్షరం కలవాలి. తండాల పిల్లల ఇంటిపేర్లు ఒక్కోచోట ఒక్కో విధంగా ఎక్కుతాయి, తేడా ఉంటే మెమోలో ఉన్న పేరునే నివేదికలో వాడి, తేడా ఉన్నట్టు ఒక వాక్యం రాయండి. ఆదాయ పత్రంలోని మొత్తానికీ మీరు రాసిన కూలి లెక్కకూ పొంతన ఉందో లేదో కూడా చూసుకోండి.

కమిటీలో ఎవరో ఒకరు మీకు ఫోను చేస్తారనే అనుకుని సిద్ధంగా ఉండండి. నివేదిక నకలు ఒకటి, రిజిస్టర్ పేజీ నంబర్లు, పిల్ల వేసిన పట్టిక మీ దగ్గర ఉంచుకోండి. 'ఆ నోటుబుక్కు మీరు చూశారా?' అని నన్ను నిజంగానే అడిగారు.

సంతకానికి ముందు

రాసినది తల్లికి చదివి వినిపించండి. నేను మళ్ళీ తండాకు వెళ్ళి చదివాను. దొడ్డి లెక్క దగ్గర ఆమె నవ్వింది. సంచి బరువు దగ్గర ఆపింది. 'అది అడిగింది నా బిడ్డ ఒక్కతే కాదు సార్. అది చూసి చెప్పింది. మేస్త్రీని అడిగింది మేము పదిమందిమి' అంది. నా కాగితంలో 'ఈమె అడిగి తగ్గింపించింది' అని ఉంది. దాన్ని కొట్టేసి, 'ఈమె ఖాళీ సంచిని తూచి తేడా కనిపెట్టింది, ఆ లెక్క పట్టుకుని ఆడవాళ్ళందరూ అడిగి తగ్గింపించుకున్నారు' అని రాసి, మరోసారి చదివి, అప్పుడు సంతకం పెట్టి తేదీ వేశాను.